అన్న మాట అన్నట్టే రాయాలి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు. ఊరి నుంచి అత్తగారు వచ్చి నాలుగు రోజులైంది. కోడలు స్కూల్లో టీచరు, కొడుకు ప్రైవేటు ఉద్యోగి. మాటల మధ్యలో ఆవిడ, ‘ఈ నెల చిట్టీ కట్టారా? వాళ్ళు నాకు ఫోన్ చేశారు’ అంది. కట్టలేదు. అందుకోసం తీసిపెట్టిన పది వేలు అతను బైకు రిపేరుకి వాడేశాడు. ఆ ముక్క తల్లితో చెప్పలేక, కూర గిన్నె జరుపుతూ, ‘ఈవిడ సంపాదనంతా పుట్టింటికి దోచిపెట్టడానికే చాలడం లేదు, ఇంక చిట్టీలేం కడతాం’ అన్నాడు. రెండు వారాల కిందట ఆమె తమ్ముడి కాలేజీ ఫీజుకి ఇరవై వేలు పంపింది. పంపేముందు భర్తకి చెప్పింది, అతను సరేనన్నాడు. ఆమె కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయింది. రాత్రి నిలదీసింది, తనూ రెండు మాటలు గట్టిగానే అంది. అతను జవాబు చెప్పకుండా గది తలుపు ధడాలున వేసుకున్నాడు. సోమవారం పొద్దున ఎవరి దారిన వాళ్ళు పనికి వెళ్ళారు. పదకొండు గంటలకి అతను ఫోన్ తీశాడు.

ఇది కల్పించిన సంసారమే. అయినా ఇలాంటి ఇళ్ళు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ పదకొండు గంటలప్పుడు అతను ఏం రాస్తాడన్నది చిన్న విషయం కాదు. ఎదురుగా కూర్చుని చెప్పిన మాటలో కొంత గాలికి పోతుంది. రాసింది ఆమె ఫోన్‌లో ఉండిపోతుంది. స్టాఫ్ రూమ్‌లో ఒకసారి, బస్సులో ఒకసారి, రాత్రి మళ్ళీ ఒకసారి చదువుకుంటుంది. చదివిన ప్రతిసారీ ఒక్కటే వెతుకుతుంది: తను చేసిందేమిటో ఇతనికి అర్థమైందా?

చాలామంది రాసే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

‘సారీ రా. నిన్న నా మాటలకి నువ్వు బాధపడి ఉంటే సారీ. కావాలని అనలేదు, ఆఫీసు టెన్షన్‌లో నోరు జారింది. అమ్మ కూడా సరిగ్గా అప్పుడే చిట్టీ సంగతి ఎత్తింది. నేను అలాంటివాణ్ణి కాదని నీకు తెలుసు కదా. కానీ నువ్వు కూడా అలా అన్నం వదిలేసి లేచిపోవాల్సింది కాదు, అమ్మ ఎంత ఇబ్బంది పడిందో తెలుసా. ప్లీజ్ క్షమించు, మామూలుగా మాట్లాడు. సాయంత్రం బయటికి వెళ్దాం.’

రాసినవాడికి ఇందులో తప్పేమీ కనిపించదు. రెండుసార్లు సారీ, ఒక ప్లీజ్, చివర్లో షికారు కూడా ఉంది. ఇప్పుడు దీన్ని ఆమె కళ్ళతో చదవండి. ‘బాధపడి ఉంటే’ అనగానే ఆమె బాధపడిందో లేదో ఇంకా తేలాల్సి ఉందన్నట్టయింది. అన్నం ముందు నుంచి లేచిపోయిన మనిషి గురించి ఆ అనుమానం ఎందుకు? పైగా ఆ వాక్యంలో తప్పు అతని మాటలో లేదు, ఆమె బాధపడటంలో ఉంది. ‘నోరు జారింది’లో అతను లేనే లేడు, నోరు దానంతటదే జారింది. టెన్షన్ ఆఫీసుది. సందర్భం తల్లిది. ‘అలాంటివాణ్ణి కాదు’ అన్నాక నిన్న ఆ మాటన్నది మరెవరో అన్నట్టయింది. ఆ తర్వాత ‘కానీ’ వచ్చి, అప్పటిదాకా చెప్పిన సారీని మొత్తం వెనక్కి తీసుకుని ఆమె చేతిలో ఒక తప్పు పెట్టింది. ఇంత పొడుగు మెసేజ్‌లో అతను అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. పుట్టింటికి దోచిపెట్టడం అన్న ఆ ముక్క ఆమె చెవిలో రాత్రంతా మోగింది. అతని మెసేజ్‌లో అది ‘నా మాటలు’ అయిపోయింది.

ఇక్కడినుంచే బాగుచెయ్యడం మొదలుపెట్టాలి. అన్న మాటని అన్నట్టే, కొటేషన్ గుర్తుల్లో పెట్టి రాయాలి. మెత్తబరచకూడదు. ‘కొంచెం ఎక్కువ మాట్లాడాను’, ‘అనకూడనిది అన్నాను’, ‘నిన్న జరిగినదానికి’ అన్నీ మాటని దాచే పద్ధతులే. రాసేటప్పుడు సిగ్గేస్తుంది. వెయ్యాలి కూడా. ఆ మాట స్క్రీన్ మీద తన వేళ్ళతో టైపు చేస్తున్నప్పుడు కలిగే ఇబ్బందే, అది విన్న మనిషికి ఎలా తగిలిందో అతనికి మొదటిసారి చూపిస్తుంది. పక్కనే ఎక్కడ, ఎవరి ముందు అన్నదీ రాయాలి. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు అన్న మాట వేరు, అత్తగారి ముందు అన్న మాట వేరు.

క్షమాపణలో ఏది ఎక్కువ పనిచేస్తుందో పరిశోధకులు కూడా చూశారు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, ఆయన సహచరులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. విచారం వ్యక్తం చెయ్యడం, ఎందుకు జరిగిందో వివరించడం, తప్పు నాదేనని ఒప్పుకోవడం, ఇంక చెయ్యనని చెప్పడం, జరిగినదాన్ని సరిచేస్తాననడం, క్షమించమని అడగడం అని క్షమాపణని ఆరు భాగాలుగా విడదీసి, ఏది ఉన్నప్పుడు జనం ఎక్కువ నమ్ముతున్నారో గమనించారు. తప్పు నాదేనని ఒప్పుకోవడం అన్నిటికంటే ముందు నిలిచింది. తర్వాతిది సరిచేస్తాననడం. క్షమించమని అడగడం అందరికంటే వెనకబడింది. వాళ్ళు తీసుకున్న సందర్భం మొగుడూ పెళ్ళాలది కాదు. ఉద్యోగానికి వచ్చిన ఒక వ్యక్తి పాత కొలువులో చేసిన పొరపాటుది. కాబట్టి దాన్ని తెచ్చి యథాతథంగా వంటింట్లో పెట్టలేం. కానీ మన మెసేజ్‌ని దాని పక్కన పెట్టి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే బలమైనది అందులో లేదు, అన్నిటికంటే బలహీనమైనది ‘ప్లీజ్’తో సహా ఉంది.

‘క్షమించు’ అని అడగడంలో ఇంకో చిక్కు ఉంది. అడిగిన మరుక్షణం పని ఆమె మీద పడుతుంది. క్షమించకపోతే ఇప్పుడు ఆమె మొండిది. ‘మామూలుగా మాట్లాడు’ కూడా అంతే, అది కోరిక రూపంలో ఉన్న ఆజ్ఞ. మెసేజ్ ఆమెకి ఏదైనా ఇవ్వడానికి రాస్తున్నప్పుడు, అందులో ఆమె నుంచి తీసుకునేది ఏదీ ఉండకూడదని నా అభిప్రాయం.

మరి కారణం చెప్పనేకూడదా? ఇది చాలామంది నిజాయితీగా అడిగే ప్రశ్న. అతనికి నిజంగానే ఆఫీసులో ఒత్తిడి ఉండొచ్చు. పైన చెప్పిన అధ్యయనంలోనూ వివరణకి కొంత విలువ ఉందనే తేలింది. కాకపోతే కారణాలు రెండు రకాలు. ఒకటి చెప్పినవాడి తప్పుని తగ్గిస్తుంది, ఆఫీసు టెన్షన్ అలాంటిది. రెండోది తప్పుని ఇంకాస్త బయటపెడుతుంది. చిట్టీ డబ్బు నేను వాడేశాను, అమ్మ ముందు ఆ మాట చెప్పుకోలేక నీ మీదికి నెట్టాను అన్నది అలాంటిది. మొదటిది సాకు, రెండోది ఒప్పుకోలు. రాసిన కారణం చదివాక తను ముందుకంటే మంచివాడిగా కనిపిస్తున్నాడా, లేదా అన్నది చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. మంచివాడిగా కనిపిస్తుంటే ఆ వాక్యం తీసెయ్యాలి. ఆమె తర్వాత తనంతట తనే ‘అసలు అలా ఎందుకన్నారు?’ అని అడిగితే ఆఫీసు సంగతి అప్పుడు చెప్పొచ్చు. అడిగినప్పుడు చెప్పింది జవాబవుతుంది, అడక్కుండా చెప్పింది వకాల్తా అవుతుంది.

ఇక ఆమె తప్పు. రాత్రి ఆమె అన్న మాటల్లో ఒకటి అతన్ని నిజంగానే గుచ్చుకుంది. దాని సంగతేమిటి? అది ఉంది, దాని గురించి మాట్లాడుకోవాలి కూడా. ఈ మెసేజ్‌లో మాత్రం కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త హ్యారియెట్ లెర్నర్ 2017లో క్షమాపణల గురించే ఒక పుస్తకం రాసింది. సారీ పక్కన ‘కానీ’ చేరితే ఆ సారీ చెల్లదన్నది ఆమె గట్టిగా చెప్పే విషయాల్లో ఒకటి. ఆ తర్వాత వచ్చేది నిజమే అయినా సరే చెల్లదు. ఇక్కడ మనవాళ్ళు తెలివిగా ‘కానీ’ తీసేసి ‘అయినా’, ‘అలాగని’, ‘నువ్వు కూడా’ పెడతారు, పని మాత్రం అదే. తన వాటా తను పూర్తిగా తీసుకున్నాక, ఆమె వాటా గురించి ఇంకో రోజు, ఇంకో మాటగా ఎత్తొచ్చు. చాలాసార్లు ఎత్తనక్కర్లేకుండానే ఆమె తనంతట తనే ఎత్తుతుంది. అలా ఎత్తుతుందన్న ఆశతో రాస్తే మాత్రం, ఆ ఆశ అక్షరాల్లో కనిపించి తీరుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఒకటుంది. అదీ చూడాలి, ఎందుకంటే పైకి అది చాలా గొప్ప పశ్చాత్తాపంలా ఉంటుంది. ‘నేను వెధవని. నీలాంటి భార్యకి నేను తగను. నువ్వు నన్ను వదిలేసినా తప్పులేదు.’ ఇది చదివిన ఆమె ఏం చెయ్యాలి? ‘అలా అనకండి, మీరు అంత చెడ్డవారేం కాదు’ అని ఓదార్చాలి. దెబ్బ తగిలింది ఆమెకి, కట్టు అతనికి. పైగా మొత్తంగా చెడ్డవాణ్ణని ఒప్పుకోవడం, ఒక్క పని చెడ్డదని ఒప్పుకోవడం కంటే చాలా సులువు. ‘వెధవని’ అన్నవాడు దోచిపెట్టడం గురించి ఒక్క ముక్క రాయలేదని గమనించండి.

ఎప్పుడు పంపాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ధడాలున తలుపు వేసుకున్న ఐదు నిమిషాలకి వచ్చే సారీ, గొడవని ఆపడానికి వచ్చేది. వాషింగ్టన్ యూనివర్సిటీలో దంపతుల మీద దశాబ్దాలపాటు పనిచేసిన జాన్ గాట్‌మన్, గొడవ పడుతున్నవాళ్ళ గుండె వేగం కొలిచేవాడు. నిమిషానికి వంద దాటాక మనిషికి ఎదుటివారి మాట సరిగ్గా తలకెక్కదని, శరీరం చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలైనా పడుతుందని ఆయన చెప్తాడు. ఒకసారి వాళ్ళు గొడవ మధ్యలో దంపతుల్ని ఆపి, పరికరాలు సర్దుకోవాలని చెప్పి, అరగంట పత్రికలు చదువుకోమన్నారట. మళ్ళీ మొదలుపెట్టేసరికి గుండె వేగాలు దిగాయి, మాటల తీరూ మారింది. ఆ అరగంటలో వాళ్ళు గొడవ గురించి ఆలోచించలేదన్నది ఇందులో కీలకం. పక్క గదిలో పడుకుని ‘నన్ను అంత మాటంటుందా’ అని నెమరేసుకుంటే ఇరవై నిమిషాలు కాదు, తెల్లారినా చల్లబడదు.

2005లో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్నీ బెనిగ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు వేరే వైపు నుంచి ఇదే చూశారు. బాధపడినవాళ్ళు తమ మాట చెప్పుకుని, అది ఎదుటివారికి అర్థమైందని అనిపించాక వచ్చిన క్షమాపణ, వెంటనే వచ్చినదాని కంటే ఎక్కువ సంతృప్తినిచ్చింది. మన కథలో ఆమె చెప్పుకోబోతుంటే అతను తలుపేసుకున్నాడు. అంటే వినాల్సింది వినకుండానే మర్నాడు వచ్చేసింది. కాబట్టి అతని మెసేజ్ ఆ తలుపు సంగతి కూడా ఒప్పుకోవాలి, మిగిలింది వింటానని చెప్పాలి. అలాగని మూడు రోజులు ఊరుకోమని కాదు. మౌనం పొడుగయ్యే కొద్దీ అది ఇంకో దెబ్బ అవుతుంది. ఆ సోమవారం పదకొండు గంటలు మంచి సమయమే.

రాసే చోటు గురించి ఒక చిన్న మాట. వాట్సాప్‌లో ఆమె పేరు తెరిచి అక్కడే టైపు చెయ్యకూడదు. అటువైపు ఆమె చూస్తూ ఉంటే ‘typing…’ అని వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చి, ఆమె గుండెని పట్టుకుంటుంది. సగంలో వేలు తగిలి వెళ్ళిపోయే ప్రమాదమూ ఉంది. తర్వాత చెరిపేసినా చెరిపేసినట్టు గుర్తు మిగులుతుంది, అది ఇంకా ఘోరం. ఫోన్‌లో నోట్స్‌లో రాసుకుని, ఒకసారి పక్కన పెట్టి, మళ్ళీ చదివి పంపాలి. ఏడుపు బొమ్మలు, హార్టులు, ఫార్వర్డ్ చేసిన కొటేషన్లు వద్దు. చమత్కారం అసలు వద్దు. రాతలో మన స్వరం ఎదుటివారికి తెలిసిపోతుందని మనం అనుకుంటాం, నిజానికి చాలా తక్కువ తెలుస్తుంది. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ఈమెయిళ్ళతో ఇదే రుజువు చేసింది. ఎగతాళో, నిజమో గొంతు విని చెప్పగలిగినంత బాగా రాత చూసి చెప్పలేకపోయారు. రాసినవాళ్ళకి మాత్రం తాము స్పష్టంగానే రాశామని నమ్మకం.

ఇప్పుడు ఆ మెసేజ్ మళ్ళీ రాద్దాం.

‘నిన్న భోజనాల దగ్గర అమ్మ ముందు, నీ సంపాదనంతా “పుట్టింటికి దోచిపెట్టడానికే చాలడం లేదు” అన్నాను. అది అబద్ధం. తమ్ముడి ఫీజు పంపేముందు నువ్వు నాకు చెప్పావు, నేను సరేనన్నాను. చిట్టీ డబ్బు బైకుకి వాడింది నేను. అమ్మకి ఆ మాట చెప్పుకోలేక నీ మీదికి నెట్టాను. చెయ్యని పనికి నిన్ను అమ్మ ముందు దోషిలా కూర్చోబెట్టాను. రాత్రి నువ్వు అడుగుతుంటే వినకుండా తలుపు వేసుకున్నాను. ఈ రెండిటికీ సారీ.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను. నువ్వు అక్కడ ఉండటం ఇష్టం లేకపోతే, నువ్వు లేనప్పుడు చెప్తాను. చిట్టీ ఈ వారంలో నేను కడతాను.

దీనికి జవాబు ఇవ్వాలని లేదు. రాత్రి నువ్వు చెప్పబోయింది ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు వింటాను.’

ఇందులో వాక్యాలు చాలావరకు ‘అన్నాను, నెట్టాను, కూర్చోబెట్టాను, వేసుకున్నాను’ అని అతని మీదే ముగుస్తున్నాయి. ‘అది అబద్ధం’ అన్న రెండు మాటలు చాలా పని చేస్తాయి. మాట కటువుగా ఉందని మాత్రమే ఒప్పుకుంటే, విషయం నిజమే, చెప్పిన తీరే తప్పు అని మిగిలిపోతుంది. పుట్టింటి మాట మన ఇళ్ళలో ఆడపిల్ల నిజాయితీని నేరుగా తాకుతుంది. అందుకని దాన్ని అబద్ధమని తేల్చి చెప్పకపోతే ఎంత మెత్తగా రాసినా ఆమెకి అవసరమైంది అందదు. ఒకవేళ అతనికి ఆ ఇరవై వేలు పంపడం నిజంగానే ఇష్టం లేకపోతే? అప్పుడు ‘అది అబద్ధం’ అని రాయకూడదు. ‘సరేనని చెప్పి, ఇష్టం లేదని నీకు చెప్పకుండా అమ్మ ముందు పొడిచాను’ అని రాయాలి. ఒప్పుకోలు నిజానికి కొలిచినట్టుండాలి, కాస్త ఎక్కువైనా ఆమెకి తెలిసిపోతుంది.

ఆమెకి ఏది ఎక్కువ బాధ కలిగించిందో అతనికి తెలియకపోతే ఊహించి రాయడం కంటే అడగడం నయం. డబ్బు మాటా, అత్తగారి ముందు అనడమా, తలుపు వేసుకోవడమా? తనకి తెలిసినంత ఒప్పుకుని, ‘ఇంకేదైనా నాకు కనిపించకపోయి ఉంటే చెప్పు’ అని ఒక వాక్యం చేర్చొచ్చు. ‘నేనేం తప్పు చేశానో చెప్పు, సారీ చెప్తా’ అని ఖాళీ చేతులతో అడగడం మాత్రం వేరు.

ఇదంతా ఇద్దరూ ఒకరికొకరు భయపడని ఇంటి సంగతి. చెయ్యి చేసుకునే ఇంట్లో, మర్నాడు ఎంత చక్కటి మెసేజ్ వచ్చినా దాన్ని ఈ కొలతతో చూడకూడదు. అక్కడ కొట్టడం, ఏడ్చి బతిమాలడం, కొన్నాళ్ళు బాగుండటం, మళ్ళీ కొట్టడం ఒక చుట్టుగా తిరుగుతుంటుంది. సారీ ఆ చుట్టులో ఒక భాగం. గృహహింస నుంచి రక్షణకి 2005 చట్టం ఉంది, 181 నంబరుకి ఫోన్ చేస్తే మహిళలకి సాయం దొరుకుతుంది. తిట్లు, బెదిరింపులు, డబ్బు చేతికివ్వకపోవడం కూడా ఆ చట్టం లెక్కలో హింసే.

మెసేజ్ పంపాక అతని పని అయిపోలేదు. నీలం టిక్కులు పడి గంటైనా జవాబు రాకపోవచ్చు. ‘చూశావా?’ అని ఇంకోటి పంపకూడదు. జవాబు ఇవ్వక్కర్లేదని రాసింది నిజమో కాదో తేలేది అక్కడే. సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, పెళ్ళయిన కొత్తలోని సంగతి ఒకటి, మొన్న పండగప్పటి సంగతి ఒకటి బయటికి తియ్యొచ్చు. ‘పాతవన్నీ ఇప్పుడెందుకు’ అనిపిస్తుంది. అవి పాతవి కావు, అప్పుడు ఒప్పుకోకుండా వదిలేసినవి. విని ఊరుకోవాలి. ‘పొద్దున సారీ చెప్పాను కదా’ అని అంటే పొద్దున రాసిందంతా రద్దయినట్టే.

అన్నిటికంటే కష్టమైంది రాత్రి భోజనాల దగ్గర ఉంది. నలుగురిలో తీసిన పరువు వాట్సాప్‌లో ఇద్దరి మధ్య తిరిగి రాదు. ఎవరి ముందు తీశాడో వాళ్ళ ముందే ఇవ్వాలి. అతను గొంతు సవరించుకుని, ‘అమ్మా, నిన్న నేనన్నది తప్పు’ అని మొదలుపెడతాడు. ఆవిడ వెంటనే, ‘ఇప్పుడవన్నీ ఎందుకురా, మొగుడూ పెళ్ళాలన్నాక లక్ష అంటారు, అన్నం తిను’ అంటుంది. ఆవిడ మంచికే అంటుంది, ఆ మాటతో బయటపడిపోవాలని అతనికీ బలంగా అనిపిస్తుంది. అక్కడ ఆగకూడదు. తను నాకు చెప్పే పంపింది, చిట్టీ డబ్బు వాడింది నేను అన్న రెండు ముక్కలూ తల్లి వినేలా చెప్పాకే అన్నంలో చెయ్యి పెట్టాలి.